ఫ్లాస్కులో వేసిన పిప్పి మూట

మనవడి కొత్త పెళ్లాం తరఫు వాళ్లు పన్నెండు మంది మొదటిసారి ధర్మవరం నుంచి హిందూపురంలోని మా ఇంటికి వస్తాండారు. నా కాఫీని పొగడకుండా ఎవరూ పోగూడదని నా పంతం. పెద్ద ఫిల్టర్లో డికాషన్ దింపి స్టీలు ఫ్లాస్కులో పోసినాను. పిప్పి పారేయబుద్ధి కాలేదు. ఇంకొంచెం సారం దిగుతుందని బట్టలో మూటకట్టి అందులోనే వేసినాను.

గంట తర్వాత "పెనుకొండ దాటినాము" అని ఫోను వచ్చింది. రుచి చూస్తే చేదు కషాయం.

మనవడి పెళ్లాం మూత తీసి మూటను చూసింది. "ఏమవ్వా, పిప్పి వేడిలో ఇంతసేపు నానితే కాఫీ యాడుంటాది, మందు అయితాది!"

నెల కింద వచ్చిన పిల్ల నాకు చెప్పడమా! అయినా పక్కకు జరిగి చోటిచ్చినాను. ఆ పిల్లే కషాయాన్ని చెంబులోకి వంపి, ఫిల్టరును వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి కొత్తపొడితో మళ్లీ దింపింది. కడిగిన ఫ్లాస్కులో మరిగే నీళ్లు కాసేపు ఉంచి పారబోసి, డికాషన్ ఒక్కటే పోసి మూత బిగించింది. వాళ్లు వచ్చి కూర్చున్నాకే పాలు కాచి గ్లాసుల్లో కలిపింది.

పిల్ల వాళ్లమ్మ రెండో గ్లాసు అడిగి, "కాఫీ అంటే మీదేనమ్మా" అనింది. సిగ్గు లేకుండా తలూపినాను. చెంబులోది పారబోయడానికి మాత్రం చెయ్యి రాక రెండు దినాలు నేనే తాగినాను.