ఫోను ఎవరిదని అడగలేదు

వనపర్తిలో నేను పద్నాలుగేళ్లు లెక్కలు చెప్పిన ప్రైవేటు బడి మూతపడింది. అదే బడిలో సైన్సు చెప్పిన మేడం, నేను కలిసి, ఊళ్లలో పదో తరగతి చదివే పిల్లలకు ఫోనులో ట్యూషన్ చెబుదామనుకున్నాం. లెక్కల సారు పోస్టు ఖాళీగా ఉన్న సర్కారు బళ్లు మా చుట్టుపక్కల చాలానే ఉండేవి.

మొదట అందరిలాగే వీడియో క్లాసులు పెట్టాం. మేడం ఇంట్లో గోడకు బోర్డు తగిలించి, దీపం వెలుతురు సరిచూసుకుని, సాయంత్రం ఏడుకు నిలబడేవాణ్ణి. ఇరవైరెండు మంది చేరితే తెర మీద ముగ్గురో నలుగురో కనిపించేవారు. నెట్ ఆగి వాళ్ల ముఖాలూ మధ్యలో బొమ్మల్లా నిలిచిపోయేవి. ఒకరోజు సరూప త్రిభుజాల మీద అరగంట చెప్పాక తెలిసింది, వినేవాళ్లు ఎవరూ లేరని. అందరి లైనూ తెగిపోయింది. నేను బోర్డుకు చెప్పుకుంటూ ఉన్నాను.

మేడం అప్పుడే అంది, "సార్, నెట్ లేకున్నా మామూలు కాల్ కలుస్తది కదా. కాల్ మీదనే చెప్దాం."

అలా పద్ధతి మార్చాం. వారానికి ఒకసారి లెక్కల కాగితాలు అచ్చు వేసి బడికి పంపేవాళ్లం. ప్రతి బొమ్మకూ ఒక నంబరు ఉండేది. ఫోనులో "మూడో బొమ్మ చూడండి, కింది గీత మీద వేలు పెట్టండి" అని చెబితే పిల్లలకు అందేది. ఇంట్లో ఫోను చేతికి దొరికినప్పుడు పిల్లలు మిస్డ్ కాల్ ఇవ్వాలి. నేను ఒక్కొక్కరికి తిరిగి చేసి, ఐదుగురిని ఒకే లైనులో కలిపి ఇరవై నిమిషాలు చెప్పేవాణ్ణి. చేసిన లెక్కల ఫోటో వాట్సాప్‌లో పెడితే, నెట్ తగిలినప్పుడు అది నాకు చేరేది. తప్పులు దిద్ది చిన్న వాయిస్ మెసేజ్ పంపేవాణ్ణి. ఈ పద్ధతి బాగా నడిచింది. తెలకపల్లి వైపు నుంచి కూడా పిల్లలు చేరారు. నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

అలా కొత్తగా చేరిన వాళ్లలో ఇటిక్యాల దగ్గరి ఊరి అమ్మాయి ఒకతె. తండ్రి ట్రాక్టర్ డ్రైవరు. తల్లి విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో కూలికి పోయేది. బడిలో ఇచ్చిన మా ఫారం మీద తల్లి వేలిముద్ర ఉంది, ఫోను నంబరు ఉంది. నాకు అంతే చాలనిపించింది.

ఆ అమ్మాయి ప్రశ్నలు అడిగేది. ఐదుగురున్న లైనులో మిగతావాళ్లు "ఆఁ సార్, ఆఁ సార్" అంటుంటే, తను మాత్రం ఆగి అడిగేది. వర్గ సమీకరణాలు చెబుతున్నప్పుడు ఒకసారి, "సార్, విచక్షణి మైనస్ వస్తే వాస్తవ మూలాలు లేవంటరు గదా. లేనప్పుడు మూలాలు కనుక్కోమని అడుగుడెందుకు సార్?" అంది.

"లేవని తేల్చుకోవడం కూడా జవాబే బిడ్డా" అన్నాను.

"గట్లయితే సగం పని తక్కువనే" అని నవ్వింది. వెనక నుంచి గిన్నెల చప్పుడు, "జల్ది కానియ్యి, మీ నాయిన తానం చేసి వస్తుండు" అని తల్లి గొంతు వినిపించాయి. ఆ మాట నేను విన్నాను. విని, తర్వాతి లెక్కకు పోయాను.

ఆమె పంపే ఫోటోలు ఎప్పుడూ పొద్దున తొమ్మిది, పది మధ్యలో వచ్చేవి. ఆ వేళకు అమ్మాయి బడిలో ఉండాలి కదా అని ఒకసారి అనుకున్నాను. సాయంత్రం పెట్టిన ఫోటో ఇప్పుడు చేరుతోందంటే ఫోను ఇప్పుడు ఎక్కడుంది, ఎవరి జేబులో ఉంది అని ఆలోచించలేదు. ఫోటో రాగానే దిద్ది, వెంటనే వాయిస్ పంపేవాణ్ణి. పని పెండింగు పెట్టని మనిషినని నా మీద నాకు నమ్మకం.

ఇంకో అలవాటు కూడా ఉండేది నాకు. ఐదుగురిని కలిపేటప్పుడు ఒకరి ఫోను పెద్దవాళ్లు ఎత్తి "హలో" అంటే, నేను మాట్లాడకుండా కట్ చేసి తర్వాతి పిల్లకు చేసేవాణ్ణి. అప్పటికే లైనులో ఉన్న పిల్లలు ఎదురుచూస్తుంటారు, వాళ్ల చేతుల్లో ఫోను ఉండేది ఇరవై నిమిషాలే. ఇటిక్యాల అమ్మాయి నంబరుకు ఒక వారంలో మూడుసార్లు మగగొంతు పలికింది. మూడుసార్లూ కట్ చేశాను.

సెప్టెంబరులో ఒకరోజు పొద్దున పదకొండు కావస్తుండగా ఆ నంబరు నుంచి ఫోను వచ్చింది. మిస్డ్ కాల్ కాదు, మోగుతూనే ఉంది. ఎత్తాను.

"ఎవడ్రా నువ్వు?"

లారీల హారన్లు, గాజు గ్లాసుల చప్పుడు. నేను ఫలానా, లెక్కల సారును అని చెప్పబోయాను.

"సారువైతే నేను ఎత్తినప్పుడల్ల ఎందుకు కట్ చేసినవ్? సారువైతే నాతోని ఎందుకు మాట్లాడవు? నా బిడ్డను శభాష్ బిడ్డా అననీకి నువ్వెవడివి? ఆరున్నరకు మిస్డ్ కాల్ ఇయ్యమంటవా?"

జవాబు చెప్పేలోపు ఫోను ఆఫ్ అయింది. మళ్లీ చేస్తే కలవలేదు.

ఆదివారం మేడం, నేను బయలుదేరాం. పెబ్బేరు దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన దాటి, ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు దిగాం. దిగుతుంటే మేడం, "ఆడపిల్లల ఇండ్లకు మొదలే నాతోని ఫోను చేపిస్తే అయిపోతుండె సార్" అంది. అందులో కోపం లేదు. అందుకే ఎక్కువ బాధ కలిగింది.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మమ్మల్ని చూసి తల్లి తలుపు దగ్గరే నిలబడిపోయింది. మేడం పలకరిస్తే లోపలికి రమ్మని చాప వేసింది. జరిగింది ఆమే చెప్పింది. భర్త చదువుకోలేదు. ట్రాక్టర్ ఓనరు పని ఎక్కడుందో వాయిస్ మెసేజీల్లోనే చెబుతాడు. ఊళ్లో నెట్ రాదు, చౌరస్తాకు పోతేనే ఫోనులో అన్నీ ఒకేసారి పడతాయి. హోటల్ కాడ చాయ్ తాగుతూ ఓనరు మెసేజీ అనుకుని నొక్కాడు. శభాష్ బిడ్డా, ఆరున్నరకు మిస్డ్ కాల్ ఇవ్వు అంటూ గట్టిగా నా గొంతు వచ్చింది.

"పిల్ల ఫోను పట్టుకుంటే ఆయనకు నచ్చదు సారూ. అందుకే చెప్పలే. ఆయన తానం చేసినంతసేపు నేనే ఇస్తుంటి" అంది. "తప్పు నాదే."

"మీది కాదమ్మా" అని మేడం ఆమె చెయ్యి పట్టుకుంది. తప్పు నాదని చెప్పాల్సిన నేను, సంచిలోంచి కాగితాలు తీసి సర్దుతూ కూర్చున్నాను.

అమ్మాయి ఇంట్లో లేదు. బడి మాన్పించి పత్తి చేనుకు పంపుతున్నారట. అవి క్రాసింగ్ రోజులు. మగపువ్వు తెంపి ఆడపువ్వుకు రుద్దే పని, పొద్దున్నే మొదలవుతుంది.

తండ్రి మధ్యాహ్నం వచ్చాడు. నేను ఊహించినంత పెద్ద వయసువాడు కాదు, నాకంటే చిన్నవాడు. నేను తెచ్చిన కాగితాలు, ఆ అమ్మాయి చేసిన లెక్కల ఫోటోలు ఒక్కొక్కటి చూపించాను. మేడం తన గురించి, మా ట్యూషన్ గురించి చెప్పింది. లైనులో ఎప్పుడూ ఐదుగురు పిల్లలుంటారని, ఒంటరిగా మాట్లాడే పద్ధతే లేదని చెప్పింది. ఆయన అన్నీ విన్నాడు. బిడ్డ చేతిరాతను చాలాసేపు చూశాడు.

"నువ్వు సారువే అయితవు. నేను కాదంటలే" అన్నాడు చివరికి. "ఆ దినం కోపంల అన్న, మనసుల పెట్టుకోకు. కాని హోటల్ కాడ పదిమంది విన్నరు సార్. నువ్వు నా ఇంటికొచ్చి నాకు చెప్పినవ్. వాళ్లందరికి నేను ఎవనెవనికి చెప్పాలె?"

"కనీసం బడికైనా పంపండి. ఫోను వద్దు, ట్యూషన్ వద్దు" అన్నాను.

"చూస్త" అన్నాడు. ఆ మాటకు పంపననే అర్థమని అక్కడున్న అందరికీ తెలుసు.

తిరిగి వస్తుంటే ఊరి చివర పత్తి చేల పక్కన ఆటో నెమ్మదిగా పోయింది. వరుసల మధ్య తలకు గుడ్డలు కట్టుకున్న ఆడపిల్లలు వంగి పనిచేస్తున్నారు. అందులో ఆమె ఎవరో నాకు తెలియదు. నేను ఆ పిల్ల ముఖం ఎన్నడూ చూడలేదు.

దసరా సెలవుల తర్వాత ఆమెను రాయచూరు దగ్గర మేనత్త ఇంటికి పంపారని బడి నుంచి తెలిసింది. మార్చిలో పరీక్షలకు ఆమె హాల్ టికెట్ ఎవరూ తీసుకోలేదు.

మేం ట్యూషన్ ఆపలేదు. పద్ధతి మార్చాం. ఫారంలో మొదటి ప్రశ్న, ఫోను ఎవరిది అని. ఆ ఫోను గలవాళ్లను ఇంటికి పోయి కలవకుండా, వాళ్లు సరే అనకుండా ఏ పిల్లనూ చేర్చుకోవడం లేదు. ఆడపిల్లలకు మేడమే ఫోను చేస్తుంది. ఎవరు ఎత్తినా కట్ చేయం, "నమస్తే, పదో తరగతి ట్యూషన్ నుంచి" అని చెప్పాకే మాట్లాడతాం. వాయిస్ మెసేజీలో మొదటి మాట పాఠం పేరు. వాయిస్‌లో పేరు పెట్టి మెచ్చుకోవడం మానేశాను. ఆ మెచ్చుకోలు లైనులో అందరి ముందే చెబుతాను. ఫోను పొద్దున బయటికి పోయే ఇళ్లకు వాయిస్ పంపం. దిద్దిన కాగితాలు బడికే చేరుతాయి. ఇవన్నీ పెద్ద ఉపాయాలేం కావు. మొదటి రోజు ఒక్క గంట కూర్చుని ఆలోచిస్తే తట్టేవే. నేను ఆ గంట బోర్డు మీద దీపం సరిచేసుకోవడానికి వాడాను.

ఏడాది గడిచాక ఆ అమ్మాయి తల్లి ఒకసారి ఫోను చేసింది, మేడంకు. ఓపెన్ స్కూల్లో పది రాయొచ్చా అని అడిగింది. మేడం ఫారం, కావలసిన కాగితాల వివరాలు చెప్పి, తానే వచ్చి నింపుతానంది. "ఆయనను అడిగి చెప్త మేడం" అని పెట్టేసింది. మళ్లీ చేయలేదు. మేం చేయవచ్చా లేదా అని చాలా రోజులు మాట్లాడుకున్నాం. ఆ ఫోను ఎవరి చేతిలో మోగుతుందో తెలియక, చేయలేదు.

మొన్న అచ్చంపేట దగ్గర ఒక ఊళ్లో కొత్త పిల్లను చేర్చుకోవడానికి పోయాను. ఇన్ని ప్రశ్నలెందుకు అడుగుతున్నారని ఆమె తండ్రి చిరాకుపడ్డాడు. జరిగింది చెప్పాను. ఆయన ఫారం చేతిలో పట్టుకుని అంతా విన్నాడు.

"ఇప్పుడు ఆ పిల్ల ఏం చేస్తుంది సార్?"

"తెలియదు" అన్నాను.

ఆయన కూతుర్ని పిలిచి, తన ఫోను ఎప్పుడు కావాలో ఆ పిల్లనే చెప్పమన్నాడు.