ప్రెసిడెంటుగారు చివర మాట్లాడిన మీటింగు

మీటింగులో అందరూ కూర్చున్నాక కాగితాలు పంచే అలవాటంటే నాకు ఒళ్ళు మంట. అద్దాలు ఇంట్లో మరిచిపోయిన ఆయన కాగితాన్ని చేయి చాచినంత దూరం పెట్టి చూస్తాడు. పక్కాయన మొదటి పేజీ దాటకుండానే టీ వచ్చేస్తుంది. టీ తాగాక ఎవరో ఒకరు కొబ్బరి రేటు సంగతి ఎత్తుతారు. ఇక అంతే, అసలు విషయం అటకెక్కుతుంది. నాకు కోపం ఎక్కువని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ కోపంలో సగం ఈ మీటింగుల పుణ్యమే.

పూండిలో జీడి, కొబ్బరి రైతులు కలిసి పెట్టుకున్న కంపెనీలో నేను సీఈఓని. పేరు పెద్దదే గానీ ఆఫీసంటే స్టేషన్‌కి దగ్గర్లో రెండు గదులు, ఒక ప్రింటరు. రోజూ టెక్కలి నుంచి వస్తాను. నాకు పైన బోర్డు ఉంది. డైరెక్టర్లందరూ ఉద్దానం రైతులే. వాళ్ళకి ప్రెసిడెంటు ఒక పెద్దాయన. చాలా తోటలున్న కుటుంబం, ఊళ్ళో తగువులు తీర్చే ఇల్లు. మనిషి మంచివాడు, మాట గట్టిది. మీటింగు మొదలవగానే ముందు ఆయనే మాట్లాడతారు. ఆయన మాట్లాడాక మిగతావాళ్ళు తలలూపుతారు. అంతకు మించి చర్చ మా బోర్డులో నేనెప్పుడూ చూడలేదు.

ఆ వేసవిలో మా ముందుకు ఒక మంచి అవకాశం వచ్చింది. పలాసలో మూతపడిన ఒక జీడి షెడ్డుని దాని ఓనరు లీజుకిస్తానన్నాడు. జీడి పిక్కలు ఉడకబెట్టే బాయిలరు, కోసే మిషన్లు, పప్పు ఆరబెట్టే గది, అన్నీ ఉన్నాయి. ఇన్నాళ్ళూ మా రైతులు తోటలోనే పచ్చి పిక్కలు వ్యాపారికి అమ్మేస్తున్నారు. షెడ్డు చేతికొస్తే పప్పు మేమే తీసి అమ్ముకోవచ్చు. అంతకు ముందు రెండు మీటింగుల్లో ఈ విషయం పెట్టాను. రెండుసార్లూ కాగితాలు అక్కడే పంచాను. రెండుసార్లూ ప్రెసిడెంటుగారు "సూద్దాంలే" అన్నారు, అందరూ "సూద్దాం" అన్నారు.

రెండోసారి మీటింగు అయ్యాక మా మహిళా డైరెక్టరు వరండాలో నన్ను ఆపింది. ఆమెది అక్కుపల్లి దాటాక సముద్రం ఒడ్డు ఊరు, ఇంటర్ దాకా చదువుకుంది. వాళ్ళ ఊరి ఆడవాళ్ళు చాలామంది తెల్లారేసరికి ఆటోల్లో పలాస షెడ్లకి పప్పు తొక్క తీయడానికి పోతారు, చీకటిపడ్డాక ఇళ్ళకి చేరతారు.

"ఆ షెడ్డు మన సేతికొత్తే మా ఆడోళ్ళకి మన పనే ఉంటాది మేడం. ఈ రోజూ ఆటోల్లో పడి తిరగడం తప్పుద్దేమోనని ఆశ పెట్టుకున్నారు. నానే సెప్పేను వాళ్ళకి, వత్తాదని."

"మరి ఆ మాట లోపల ఎందుకు అనలేదు?" అని అడిగాను, కాస్త చిరాగ్గానే.

"మావయ్య సూద్దామన్నాక నానేటి అంటాను?"

ఆమె భర్త వైపు నుంచి ప్రెసిడెంటుగారు వరసకి మావయ్య. కుర్చీలు ఒకే బల్ల చుట్టూ వేశాం గానీ ఆ వరస మాత్రం బల్ల మీదే కూర్చుంటుంది. ఆ రోజు బస్సులో టెక్కలి వెళ్తూ నాకు ఆమె మీద కోపం రాలేదు, మా మీటింగు మీద వచ్చింది.

మూడో మీటింగుకి నోటీసు రూలు ప్రకారం వారం ముందే వెళ్ళింది. షెడ్డు ఓనరు తన షరతులు రాసి ఇచ్చేసరికి మాత్రం మీటింగు రేపనగా అయింది. ఇంకో ఆయన కూడా ఆ షెడ్డు అడుగుతున్నాడట, రేపు సాయంత్రంలోగా మాట చెప్పకపోతే ఆయనకే ఇచ్చేస్తానన్నాడు. ఇంకో "సూద్దాం"కి చోటు లేదు. మధ్యాహ్నం అన్నం కూడా మాని కూర్చుని ఎజెండా, దానితో పాటు ముందుగా చదువుకోవాల్సిన నోటు తయారుచేశాను. నోటు రెండు పేజీలు దాటనివ్వలేదు, అక్షరాలు పెద్దవిగా పెట్టాను. మొదటి వాక్యమే ఇది: "రేపు మనం తేల్చాల్సింది ఒక్కటే, పలాస షెడ్డు ఈ సీజనుకి లీజుకి తీసుకోవాలా వద్దా." దాని కింద ఓనరు షరతులు, తీసుకుంటే మంచీ చెడ్డా, తీసుకోకపోతే మంచీ చెడ్డా, నా సలహా, రేపు తేల్చకపోతే ఏమవుతుందో. ఎజెండాలో ఈ అంశాన్నే మొదట పెట్టి పక్కన "నిర్ణయం" అని రాశాను. లెక్కలూ, ఎరువుల స్టాకూ కిందకి దింపి "తెలుసుకోవడానికి మాత్రమే" అని రాశాను. చివర ఇంకో ముక్క చేర్చాను. డైరెక్టర్లు ఒక్కొక్కరూ తమ అభిప్రాయం చెప్పాలి, ప్రెసిడెంటుగారు అందరికన్నా చివర చెబుతారు.

అంతా డైరెక్టర్ల ఫోన్ గ్రూపులో పెట్టి, చదవడం ఇష్టంలేని వాళ్ళ కోసం నోటంతా నా గొంతుతో చదివి రికార్డు చేసి అదీ పంపాను. పంపేశాక హాయిగా టీ తాగాను. ఆ హాయి సాయంత్రం దాకానే.

ప్రెసిడెంటుగారు ఫోన్ చేశారు.

"ఏటమ్మా, నన్ను ఆఖరి బంతిలో కూకోబెట్టీసేవు?"

మా వైపు ఏ భోజనంలోనైనా పెద్దలకి మొదటి బంతి. ఆయనకి ఎవరూ ఎప్పుడూ ఆఖర్న ఆకు వేసి ఉండరు. నేను ఆ పని కాగితం మీద, అందరూ చూసేలా చేశాను. ఆయన అలిగి రాకపోతే మీటింగు జరిగినా ఎవరూ నోరు విప్పరు. షెడ్డు పోతుంది, మహిళా డైరెక్టరు తన ఊరి ఆడవాళ్ళకి ఇచ్చిన మాట పోతుంది.

"అయ్యో, అలా అనుకోకండి. మీ ఇంటికి తగువు వస్తే మీరు ముందు మాట్లాడతారా, అందరిదీ విన్నాక మాట్లాడతారా?" అన్నాను.

"ఇన్నాకే మాటాడతాను" అన్నారు.

"ఇదీ అంతేనండి."

"ఊఁ" అని ఫోన్ పెట్టేశారు. వస్తాననలేదు, రాననలేదు. ఆ "ఊఁ" నన్ను ఎంత తిప్పలు పెట్టిందో చెప్పలేను.

ఆ తర్వాత మహిళా డైరెక్టరు ఫోన్ చేసింది.

"మేడం, రెండో పేజీలో తొక్క తీయడం కూడా పలాసలోనే అని రాసేరు. అలాగైతే మావోళ్ళు మళ్ళీ ఆటో ఎక్కాల్సిందే కదా?"

నిజమే. షెడ్డు ఎవరిదైనా ఆటో ప్రయాణం ప్రయాణమే. అది నాకు తట్టనే లేదు. "అది నాకు తోచిన దారి. మీకు ఇంకో దారి తోస్తే రేపు చెప్పండి" అన్నాను.

"ఇప్పుడే ఎల్లి మావోళ్ళని అడుగుతాను. ఈ కాయితం సదివి ఇనిపిత్తాను."

మర్నాడు నేను ఆఫీసు తలుపు తీసేసరికి ప్రెసిడెంటుగారు వరండాలో కూర్చుని ఉన్నారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని అందరికన్నా ముందే వచ్చేశారు. నేను దండం పెడితే తలూపారు, అంతే. నాకు మాత్రం పండగలా ఉంది.

మీటింగులో కాగితం మళ్ళీ చదవలేదు. "అందరూ చూశారు కదా, అభిప్రాయాలు చెప్పండి" అన్నాను. ఒక డైరెక్టరు నవ్వుతూ తాను చదవలేదనీ, టీ కొట్టు దగ్గర అందరూ కలిసి నా గొంతే విన్నామనీ చెప్పాడు. "మీరు ఫోన్లో కూడా కోపంగానే సదివేరు మేడం" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన లీజుకి సరే అన్నాడు.

మహిళా డైరెక్టరు వంతు వచ్చింది. ఆమె ముందు ప్రెసిడెంటుగారి వైపు చూసింది. ఆయన ఏదో అనబోయి, ఎజెండా కాగితం చూసుకుని, టీతో పాటు బల్ల మీద పెట్టిన పళ్ళెంలోంచి జీడిపప్పు ఒకటి నోట్లో వేసుకున్నారు.

"షెడ్డు తీసుకుందాం. పిక్కలు ఉడకబెట్టడం, కొయ్యడం, ఆరబెట్టడం పలాసలో సేద్దాం. తొక్క తీయడం, ఏరడం మా ఊళ్ళో సేద్దాం. మా మహిళా సంఘం బిల్డింగు కాళీగా ఉంది. రాత్రి అందరినీ అడిగేను, ఇత్తామన్నారు."

ఇంకో డైరెక్టరు వెంటనే అడ్డు తగిలాడు. వాళ్ళ అన్నయ్యకి షెడ్డు ఉండేది, ఆ పని అతనికి తెలుసు. "ఆరిన పప్పుకి గాలి తగిలితే మెత్తబడిపోద్ది. అప్పుడు తొక్క రాదు, పప్పు ఇరిగిపోద్ది."

"అదీ అడిగేను అన్నా. మావోళ్ళు ఏళ్ళ నుంచి సేత్తన్న పనే కదా. సల్లారగానే మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో ఎయ్యాలి, వచ్చిన రోజే తొక్క తీసీయాలి, రేపటికి ఉంచకూడదు అన్నారు. పంపినప్పుడూ తిరిగొచ్చినప్పుడూ తూకం ఏద్దాం, ఎవరికీ అనుమానం ఉండదు."

అలాగైతే పరవాలేదన్నాడు అతను. ఆ బిల్డింగుకి కూడా ఆహార లైసెన్సు తీసుకోవాలని నేను గుర్తు చేశాను. మాట మీద మాట వచ్చింది. డబ్బాలు ఏ బండిలో వస్తాయి, వాన పడితే ఎలా, చేతులు కడుక్కునే చోటుందా. ప్రెసిడెంటుగారు మధ్యమధ్య ఊపిరి గట్టిగా పీల్చి వదిలేవారు. పళ్ళెంలో పప్పు అయిపోతోంది. ఆయనని చూస్తే నాకు నవ్వు, జాలి రెండూ వచ్చాయి. ఆ గదిలో మొదటిసారి నిజంగా మీటింగు జరుగుతోందని లోపల్లోపల పొంగిపోయాను.

చివరికి ఆయన వంతు వచ్చింది. గొంతు సవరించుకున్నారు.

"నాను వద్దని సెప్దామనే వచ్చేను" అన్నారు.

ఆమె చేతులు ఒళ్ళోకి తీసుకుంది. అయిపోయింది అనుకున్నాను.

"మా అయ్య కాలం నుంచీ ఆ యాపారే మా తోటలోకొచ్చి పిక్క కొంటన్నాడు. ఆడితో మాట పోతాదని నా బాధ. పొద్దున్న వత్తన్నప్పుడు కూడా అదే అనుకున్నాను. కానీ ఇప్పుడు మీరు సెప్పినవాటికి నా కాడ జవాబు లేదు. తీసుకోండి. తొక్క మా కోడలి ఊళ్ళోనే తీయించండి."

ఎవరో చప్పట్లు కొట్టారు. ఆమె కళ్ళు తుడుచుకుంది. ఆయన అక్కడే ఫోన్ తీసి షెడ్డు ఓనరుకి తానే మాట చెప్పారు. నేను నిర్ణయం రాసుకున్నాను. నా చేతిరాత ఆ రోజు కుదిరినంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

తర్వాతి అంశానికి వెళ్ళబోతుంటే ఆయన చేయి ఎత్తి ఆపారు. అడుగుతున్నది అందరినీ అయినా చూపు ఆమె మీదే ఉంది.

"నిజం సెప్పండి. నాను ముందే వద్దనుంటే మీరేటనేవోరు?"

మిగతావాళ్ళు కాగితాల్లోకి చూశారు. ఆమె మాత్రం మెల్లగా అంది.

"వద్దనే అనేవోళ్ళం మావయ్యా."

ఆయన పెద్దగా నవ్వారు. నవ్వు సగంలో ఆగిపోయింది. బల్ల చుట్టూ ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ, "అయితే ఇన్నేళ్ళూ మీరెవరూ నాతో ఏటీ సెప్పనే లేదన్నమాట" అన్నారు.