మేనకోడలి బాండుకు మామయ్య పూచీ

మామయ్య దర్జీ. మేనకోడలి నర్సింగ్ చదువుకు ఆసుపత్రి డబ్బు పెట్టింది. చదువయ్యాక మూడేళ్లు అక్కడే పనిచెయ్యాలని బాండు రాయించుకుంది. దానికి పూచీ పడింది మామయ్యే. ఆ పిల్ల రెండేళ్లు చేసి, ఇంటి దగ్గర బడిలో నర్సు ఉద్యోగం రాగానే మానేసింది. నోటీసు మామయ్యకు కూడా వచ్చింది.

ఆయన మర్నాడే బట్టల సంచీతో ఆసుపత్రి ఆఫీసుకెళ్లాడు.

"మిగిలిన ఏడాది నేను చేస్తానమ్మా. సూది పట్టడంలో ముప్పై ఏళ్ల అనుభవం నాది."

ఆఫీసరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "మీరు గానీ, ఆ అమ్మాయి గానీ పని చెయ్యక్కర్లేదు బాబాయ్ గారూ. బాండు ప్రకారం రెండేళ్లు చేసింది కాబట్టి, చదువు ఖర్చులో మూడో వంతు తిరిగి కడితే చాలు. ఆమె కట్టకపోతేనే మిమ్మల్ని అడుగుతాం."

"జైలు లేదా?"

"లేదండీ."

మేనకోడలు పది వాయిదాల్లో అంతా కట్టేసింది. పూచీ తీరిందని ఆసుపత్రి ఇచ్చిన కాగితాన్ని మామయ్య ఫ్రేము కట్టించి కొట్లో పెట్టాడు. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని కుట్టుపని సర్టిఫికెట్ అనుకుంటారు. ఆయన కాదనడు.