తల్లి ఒకటే, పిల్లలు నలుగురు

వీధి చివర ఇస్త్రీ చేసే ఆయనకి నోరు పెద్దది, గుండె మెత్తనిది. ఆయన బల్ల కింద ఓ కుక్క నాలుగు పిల్లల్ని ఈనితే, మూడింటిని అడిగినవాళ్లకి ఇచ్చేసి, నాలుగోవాడికి బండోడని పేరుపెట్టి తనే ఉంచుకున్నాడు. ఆ బండోడు ఇంకా మూరెడు పిల్లగా ఉన్నప్పుడే ఓ వానరోజు తప్పిపోయాడు. ఆయన రెండు రోజులు అన్నం ముట్టలేదు.

ఏడాది తిరిగాక టైలరమ్మ కొట్టు ముందు ఓ గోధుమరంగు కుక్క కనిపించింది. "అదిగో మా బండోడు!" అని కేకపెట్టాడు.

"మావాడి పేరు రాజా అన్నా. దారి తప్పి వస్తే పెంచుకున్నాను" అంది టైలరమ్మ.

మాటామాటా పెరిగింది. చివరికి డీఎన్ఏ పరీక్ష చేయిద్దామని, అది ఏం చెబితే దానికి కట్టుబడదామని ఇద్దరూ ఒప్పుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లారు. బల్ల కింది తల్లి కుక్కనీ తీసుకెళ్లారు. చెంప లోపల పుల్లతో నమూనా తీయబోతుంటే, ఇస్త్రీ ఆయన ముద్దు పట్టలేక ఒకే బన్నుని రెండు కుక్కల చేతా కొరికించాడు.

"ఏమయ్యా, ఒకదాని ఎంగిలి ఇంకోదానికి అంటితే నమూనాలు కలిసిపోవూ? కాసేపు ఆగి, విడివిడిగా తీసుకురండి" అని డాక్టరమ్మ కసిరింది.

ఫలితం వచ్చిన రోజు ఇద్దరూ ఆమె బల్ల ముందు కూర్చున్నారు. రాజాలో కొంత లాబ్రడార్, కొంత షెపర్డ్, మిగతాది ఊరకుక్క.

"చూశారా! మావాడిలో షెపర్డ్ ఉందని నేను అననే అన్నాను" అని ఆయన ఎగిరాడు.

"ఇలాంటి కలగలుపు వీధికొకటి ఉంటుంది. దాన్ని బట్టి ఎవరి కుక్కో తేలదు. అసలు సంగతి ఇది" అంటూ ఆమె ఇంకో పేజీ తిప్పింది. "తల్లీబిడ్డల పోలిక గట్టిగా కుదిరింది. ఇది నీ కుక్క కన్నదే."

టైలరమ్మ ఇంక ఏమీ వినలేదు. మాట ఇచ్చిన మనిషి. కళ్లు తుడుచుకుంటూ తాడు ఆయన చేతిలో పెట్టి గుమ్మం దాకా వెళ్లిపోయింది.

డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఆ తల్లికి పుట్టిందని మాత్రమే ఇది చెబుతుంది. నలుగురిలో ఎవరన్నది చెప్పదు. బండోడి నమూనా అప్పట్లో తీసి ఉంటేనే పోల్చగలిగేవాళ్లం."

ఆయన తాడు పట్టుకుని నిలబడిపోయాడు. నోరు మూసుకుంటే చాలు, కుక్క ఆయనదే. "బండోడా" అన్నాడు. అది గుమ్మం వైపే చూస్తోంది. ఆయనకి ఏడుపొచ్చింది.

"చెల్లెమ్మా, ఆగు. వీడు మావాడే కావచ్చు, నేను దానమిచ్చిన పిల్లా కావచ్చు. పరీక్షకి తెలీదట, నాకూ తెలీదు" అన్నాడు.

టైలరమ్మ వెనక్కి తిరిగింది.

"తీసుకెళ్లు. రాజా అనే పిలువు" అని తాడు ఇచ్చేశాడు.