గడప పైన మూడున్నర అడుగులు

విజయసారథి డ్రైనేజీ శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు. తెనాలి నుంచి రోజూ పొద్దున్నే రేపల్లె పాసింజరులో వెళ్లి, సాయంత్రం అదే బండిలో తిరిగొచ్చేవాడు. తండ్రి వెంకటరాఘవయ్య సంస్కృత పాఠశాలలో పంతులుగా చేసి రిటైరయ్యాడు. కొడుకు పని ఏమిటని ఎవరైనా అడిగితే ఆయన, "మురుక్కాలవల లెక్కలు చూస్తాడు" అనేవాడు. వెటకారమేమీ లేదు. ఆయనకు అర్థమైంది అంతే.

రెండువేల ఆరు అక్టోబరు చివర్లో తుపాను వానలు కురిసినప్పుడు రేపల్లెకీ చెరుకుపల్లికీ మధ్యనున్న వేములదిబ్బ అనే ఊరు మునిగింది. ఊరి పక్క మురుగు కాలవ పొంగి, వరి చేలమీదుగా వీధుల్లోకి వచ్చింది. కాలవగట్టు మీది పూరిగుడిసెలు ఒక్కటీ మిగల్లేదు. ఆ గుడిసెల వాళ్లు వారం పైన బడిలో తలదాచుకుని, తర్వాత గట్టు మీదే ప్లాస్టిక్ పట్టాలు కట్టుకుని బతికారు. మరుసటి ఏడు వేసవికి వాళ్లకు ఇళ్ల స్థలాలు ఇవ్వాలని ప్రభుత్వం అనుకుంది. ప్రభుత్వ ధరకు భూమి ఇవ్వడానికి ముందుకొచ్చింది హనుమయ్య. ఊళ్లో పెద్ద రైతు. ఆయన ఇవ్వజూపిన పొలం చెక్క కాలవ పక్కనే ఉంది. రెండు పంటల్లో ఒకటి ఎప్పుడూ నీళ్లపాలయ్యే నేల.

ఆ స్థలంలో వరద ఎంత ఎత్తు వచ్చిందో తేల్చమని విజయసారథిని పంపారు. అది తేలితే ఎంత మట్టి పోయాలో, పునాది ఎంత ఎత్తు కట్టాలో తేలుతుంది. మరీ లోతైతే ఆ స్థలమే వద్దనాలి. పొలంలో నీటి గుర్తు మిగలదు గనక ఊళ్లో గోడల మీద వెతకాలి. కొట్టుకుపోగా మిగిలిన గోడల్లో అందరికీ ఆనవాలుగా ఉన్నది హనుమయ్య ఇల్లే.

అతను వెళ్లేసరికి ఆ ఇంటికి కొత్తగా సున్నం వేసి ఉంది. కూతురి పెళ్లికి వేయించామని హనుమయ్య చెప్పాడు. పెళ్లి జరిగిన మాట నిజమే, పందిరి గుంజల గుంతలు ఇంకా పూడ్చలేదు. నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడిగితే పశువుల కొట్టం దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ తాటి గుంజ మీద మోకాలికి కాస్త పైగా నల్లటి చార ఉంది. తడుముకోకుండా చూపించాడు. విజయసారథి వంగి చూశాడు. చార ముదురుగా, వెడల్పుగా ఉంది. నీళ్లు తగ్గుతూ తగ్గుతూ ఒకచోట రోజుల తరబడి నిలిచినప్పుడు పడే చార అలా ఉంటుంది. వరద పతాక స్థాయికి చేరినప్పుడు నీళ్లు అక్కడ ఎంతోసేపు ఉండవు. ఆ గుర్తు సన్నగా, లేతగా, ఒక్కోసారి గడ్డిపరకలు అంటుకుని ఉంటుంది. కంటికి బాగా కనపడే గీతే పెద్ద గీతని నమ్మితే తప్పులో కాలేసినట్టే. ఆ సంగతి పైకి అనకుండా గుంజ కొలుచుకుని బయటికొచ్చాడు.

వీధిలో ఏసమ్మ నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి. కూలి పనికి వెళ్తుంది. పంచాయతీలో వార్డు మెంబరు కూడా. ఇళ్ల స్థలాల కోసం రేపల్లె ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆమే.

"ఆ చార చూసి రాసుకోమాకండి సారూ," అంది. "ఆయన తలుపు సగం పైదాకా వచ్చాయి నీళ్లు. మేం చూశాం."

చూశామంటే రాయడానికి లేదని అతను చెప్పాడు. ఏదైనా గుర్తు కావాలన్నాడు. ఏసమ్మ కాసేపు ఆలోచించి, వరద తీసిన రెండోరోజు చెరుకుపల్లి నుంచి స్టూడియో అతను వచ్చి ఫొటోలు తీశాడని చెప్పింది. హనుమయ్య తన వాకిట్లో గుడిసెల వాళ్లకు బియ్యం పంచాడు. ఆ ఫొటోలు పేపరుకు పంపాలనుకున్నాడు.

ఆ మాట పట్టుకుని విజయసారథి చెరుకుపల్లి వెళ్లాడు. స్టూడియో అతని దగ్గర నెగెటివ్ ఉంది. పెద్ద సైజులో వేయించాడు. వాకిట్లో జనం, పక్కగా తలుపు, తలుపు పక్కన గోడ మీద బురద గీత. అదృష్టం కొద్దీ తలుపుకు ఎదురుగా నిలబడి తీసిన ఫొటో. ఏటవాలుగా తీసి ఉంటే కొలతలు వంకర పోయేవి. గీత, తలుపు ఒకే గోడ మీద ఉండడం వల్ల ఒకే స్కేలు రెంటికీ సరిపోతుంది. ఫొటోలో గడప పైఅంచు నుంచి ద్వారబంధం పైకమ్మీ దాకా పన్నెండు సెంటీమీటర్లు వచ్చింది. గడప నుంచి గీత దాకా ఏడు. ఇక తలుపు నిజంగా ఎంత ఎత్తో తెలిస్తే చాలు.

మళ్లీ వేములదిబ్బ వెళ్లి టేపు పెట్టి కొలిచాడు. ఏడడుగుల తలుపనుకుని లెక్కేసుకోలేదు. పాత ఇళ్ల తలుపులు పొట్టిగా ఉంటాయి. ఇదీ అంతే, సరిగ్గా ఆరు అడుగులు. ఆరులో పన్నెండింట ఏడు వంతులు, అంటే మూడున్నర అడుగులు. అది గడప మీద నుంచి. గడప వీధికన్నా రెండున్నర అడుగుల ఎత్తులో ఉంది. వీధిలో నిలబడిన మనిషికి ఆరడుగుల నీళ్లు. తర్వాత లెవెల్ యంత్రం పెట్టి వీధి నుంచి స్థలం దాకా చూస్తే, స్థలం వీధికన్నా అడుగు పల్లంలో ఉంది. అక్కడ ఏడడుగులు.

హనుమయ్య అరుగు మీద నుంచి ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఇతను టేపు చుట్టుకుంటుంటే మంచినీళ్లు ఇప్పించి, మెల్లిగా అన్నాడు:

"స్థలం వద్దని రాస్తే వీళ్లకి ఇంకో స్థలం ఎవరిస్తారండీ? ఎవడూ ఇవ్వడు. గట్టు మీదే చస్తారు. ఆ పాపం ఎవరిది?"

అందులో కొంత నిజం ఉందని విజయసారథికి తెలుసు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. రైల్లో కూర్చుని రిపోర్టు రాశాడు. స్థలంలో ఏడడుగులు, మట్టి పోసి పునాదులు ఎనిమిదడుగులకు తగ్గకుండా లేపాలి, లేదా స్థలం మార్చాలి.

పై అధికారి జగన్నాథరావు కాగితం చదివి, ఎనిమిదడుగుల మెరకకు ఎక్కడి నుంచి మట్టి తెస్తామని అడిగాడు. పథకం మొత్తం ఆగిపోతుందన్నాడు. తర్వాత వేలు పెట్టి ఒక వరస చూపించాడు.

"ఇదిగో, గడప పైన మూడున్నర అడుగులు. నువ్వు కొలిచిందేగా?"

"అవునండి. కానీ అది గడప నుంచండి. నేల నుంచి కాదు."

"నీటి లోతు మూడున్నర అడుగులని రాద్దాం. నీ అంకె నేనేం మార్చట్లేదు. ఫొటో జతచేస్తాం. కావాల్సినవాడు చూసుకుంటాడు."

ఎక్కడి నుంచి కొలిచారో చెప్పని లోతుకు అర్థం లేదని విజయసారథి రెండుసార్లు చెప్పాడు. మూడోసారి చెప్పలేదు. ఫొటో జతలో ఉందిగదా, చూసినవాడికి తెలుస్తుందిగదా అని తనకు తాను చెప్పుకుని సంతకం పెట్టాడు. జతచేసిన ఫొటో ఎవరూ చూడలేదు.

మూడున్నర అడుగుల లోతుకు నాలుగడుగుల పునాది చాలని తేల్చారు. ఏడాదిన్నరలో కాలనీ లేచింది. ఒక్కో గది, ముందు చిన్న వసారా, పైన స్లాబు. స్లాబు మీదికి మెట్లు మంజూరు కాలేదు. ఏసమ్మ తన అత్త నాగమ్మను, మనవరాలిని తీసుకుని అందులో చేరింది. మొగుడు ఎప్పుడో పోయాడు. కూతురు, అల్లుడు పనికోసం హైదరాబాదులో ఉన్నారు. గృహప్రవేశానికి విజయసారథిని రమ్మని కబురు చేసింది. అతను సెలవు దొరకలేదన్నాడు.

రెండువేల తొమ్మిది అక్టోబరులో కృష్ణ పొంగింది. కరకట్ట తెగిందన్న వార్త సాయంత్రానికే ఊళ్లోకి వచ్చింది. గుడిసెలుండే రోజుల్లో అయితే ఆ మాట విన్న క్షణాన జనం పిల్లల్ని చంకనేసుకుని బడికి పరిగెత్తేవాళ్లు. ఈసారి కాలనీ వాళ్లను కదలనక్కర్లేదన్నారు. వరద మట్టం పైన కట్టిన ఇళ్లని ఆఫీసు లెక్కల్లో ఉంది. దండోరా వేసినతను ఆ మాటే చెప్పుకుంటూ పోయాడు. ఏసమ్మ కూడా నమ్మింది. ఆ కొలతలు తీసిన మనిషిని ఆమె ఎరుగును.

తెల్లారేసరికి నీళ్లు గడప దాటాయి. సందులో అప్పటికే మెడ దాకా లోతు, పైగా వడి. బయటికి పోవడానికి దారి లేదు. ఏసమ్మ మనవరాల్ని అటక మీదికెక్కించింది. నడవలేని నాగమ్మను మంచం మీద, మంచాన్ని బియ్యం డబ్బాల మీద పెట్టింది. నీళ్లు నడుం దాకా వచ్చాక మంచం తేలి ఒరిగింది. అప్పుడు ముసలామెను భుజాన వేసుకుని గోడకు ఆనుకుని నిలబడింది. పడవ వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. నాగమ్మ అప్పటికే చల్లబడిపోయిందని పడవవాళ్లు చెప్పినా ఏసమ్మ దించలేదు.

నీళ్లు తీశాక గుర్తులు రాసుకోవడానికి మళ్లీ విజయసారథినే పంపారు. ఏసమ్మ ఇంటి గోడ మీద గీత ఇంకా తడిగా ఉంది. తలుపు ఆరున్నర అడుగులదని డ్రాయింగులోనే ఉంది. గీత సగానికి కొంచెం తక్కువ, గడప పైన మూడడుగులు. కింద నాలుగడుగుల పునాది. మొత్తం ఏడు. అప్పుడు అతను రాసిన ఏడే.

ఏసమ్మ వసారాలో బురద ఎత్తిపోస్తోంది. అతన్ని చూసి చేట పక్కన పెట్టింది.

"అప్పుడు ఎంతని రాశారు సారూ?"

"ఏడడుగులని రాశానమ్మా."

"మరి మూడున్నరని చెప్పారే అందరూ."

అతను చెప్పాడు. గడప, వీధి, స్థలం, ఏది ఎక్కడి నుంచి కొలిచారో, ఎవరు ఏ ముక్క తీసేశారో, కింద ఎవరి సంతకం ఉందో అన్నీ చెప్పాడు.

"మీకు తెలుసు," అంది చివరికి. "మీ పై ఆఫీసరుకి తెలీకపోతే అది వేరు. మీకు తెలుసు."

తిట్టి ఉంటే బాగుండేదని అతననుకున్నాడు. ఆమె తిట్టలేదు. చేట తీసుకుని పనిలో పడింది.

విజయసారథి జరిగిందంతా పై ఆఫీసుకు రాసి పంపాడు. విచారణ జరిగింది. జతచేసిన ఫొటోలో గీత గడప పైనే ఉందని, నివేదిక మీద సంతకం అసిస్టెంట్ ఇంజనీరుదేనని తేలింది. జగన్నాథరావు అప్పటికి రిటైరయ్యాడు. విజయసారథికి ఇంక్రిమెంటు ఆపి బాపట్లకు బదిలీ చేశారు. అన్యాయమని తోటివాళ్లు అపీలు చేయమన్నారు. అతను చేయలేదు. శిక్ష తప్పు మనిషికి పడిందని వాళ్లంటే, అంత తప్పు మనిషికేమీ పడలేదని తండ్రి ఒక్కడికే చెప్పాడు. వెంకటరాఘవయ్య కండువాతో కళ్లజోడు తుడుచుకున్నాడు.

కాలనీ అక్కడే ఉంది. వేరే స్థలం ఎవరూ ఇవ్వలేదు. హనుమయ్య మాట ఆ ఒక్క విషయంలో నిజమైంది. ఏసమ్మ చందాలు పోగుచేసి తన ఇంటి పక్కగా స్లాబు మీదికి ఇటుకల మెట్లు కట్టించింది. ఆ వరసలో వాళ్లందరికీ అవొక్కటే మెట్లు. వానాకాలం మొదలైతే పిల్లల పుస్తకాలు, రేషను బియ్యం ముందుగానే పైకెక్కించి, ప్లాస్టిక్ పట్టా కప్పి, కింద పడుకుంటారు.