తొమ్మిది మలుపుల దారిలో ప్రసీత

కొండ కింది అడివారం ఊరు దాటి వయనాడు కొండ ఎక్కే బస్సులో ప్రసీత కండక్టరు. మొదటి మలుపు రాకముందే ప్రతి సీటుకూ ఒక కవరు, ఒక నిమ్మచెక్క అందించేది. ఆ దయకు మెచ్చి ప్రయాణికులు డిపోకు ఉత్తరాలు రాశారు. అది దయ కాదని, భయమని తెలిసినవాడు డ్రైవరు శశీంద్రన్ ఒక్కడే. ఎవరైనా వాంతి చేసుకుంటే తనకూ వస్తుందన్న భయంతో పదకొండేళ్లుగా ఆమె చెవుల్లో దూది, జేబులో మాత్ర లేకుండా డ్యూటీ ఎక్కలేదు.

ఒకనాడు అయిదో మలుపులో ఒక ముసలాయన వాంతి చేసుకున్నాడు. ఆమె బస్సు ఆపించి దిగిపోయింది, మళ్లీ ఎక్కలేదు.

డిపో అధికారి టికెట్ల కౌంటరుకు బదిలీ కోసం అంగీకారపత్రం ఆమె ముందు పెట్టాడు.

"సంతకం చెయ్యమ్మా. ఫ్యాను కింద కూర్చుని టికెట్లు కొట్టుకో. నీ మంచికే."

"నా మంచి నేను చూసుకుంటాను సార్. మూడు నెలలు గడువివ్వండి."

జాలి చూపిస్తూ పని లాక్కోవడం కన్నా మర్యాదైన అన్యాయం మరొకటి లేదు.

ఆమె ప్రభుత్వాసుపత్రిలో మానసిక చికిత్స చేసే నఫీసా దగ్గరికి వెళ్లింది. మొదటి వారం 'వాంతి' అన్న మాటను కాగితంమీద రాసి, విసుగు పుట్టేదాకా పైకి చదవాలి. తరువాత బొమ్మలు, ఆపైన చెవిలో దూది లేకుండా శబ్దాలు. ఆపైన పుల్లటి గంజిని తన చేత్తోనే బకెట్లో ఒంపి వాసన చూడాలి. తల తిరిగేదాకా కుర్చీలో గిరగిరా తిరగాలి. ఒక మెట్టు మీద నిలబడగలిగాకే మరో మెట్టు.

"నాకు రాదని ఒక్కసారి చెప్పండి మేడమ్!"

"చెప్పను. వస్తే ఏమవుతుందో మీరే చెప్పండి."

"చచ్చిపోతాను."

"మీ బస్సులో ఇంతవరకూ ఎంతమంది పోయారు?"

ప్రసీతకు కోపమూ నవ్వూ కలిసి వచ్చాయి. చివరి మెట్టుగా మాత్రలు, దూది ఇంట్లోనే వదిలేసి మళ్లీ శశీంద్రన్ బస్సే ఎక్కింది. ధైర్యం చెప్పవద్దని నఫీసా శశీంద్రన్‌కూ ఆజ్ఞ జారీ చేసింది.

"శశి అన్నా, నా ముఖం పాలిపోయిందా?"

"నాకు రోడ్డే కనిపిస్తోంది."

"ఒక్కసారి చూడండీ!"

"నిన్ను చూస్తే లోయలో పడతాం. అప్పుడు వాంతి గొడవే ఉండదు."

ఎనిమిదో మలుపులో ఒక పసివాడు నేరుగా ఆమె చెప్పులమీదే వాంతి చేసుకున్నాడు.  ఆమె చెయ్యి బస్సు ఆపే గంట తాడు దాకా వెళ్లి ఆగింది. ఆ చెయ్యే వెనక్కి తెచ్చి వాడి నుదురు పట్టుకుంది.

"చిన్నవాడివని టికెట్టు కూడా కొనలేదు. పైగా ఇదా?"

వాడి తల్లి ఏడుపు ముఖంతోనే నవ్వింది. కొండపైన లక్కిడి ఊరు వచ్చేదాకా ప్రసీత గుండె దడదడలాడుతూనే ఉంది. తరువాతి ఊరు వైతిరి చేరేసరికి, ఎవరూ ఏమీ చేయకుండానే, దానంతటదే నెమ్మదించింది.

గడువు తీరిన రోజున అంగీకారపత్రాన్ని సంతకం లేకుండా అధికారి బల్లమీద పెట్టింది.

"భయం పోయిందా?"

"పూర్తిగా పోలేదు సార్. భయపడేవాళ్లు కొండ ఎక్కకూడదని ఏ నిబంధనలో ఉందో చూపించండి."

ఆయన ఆ పత్రాన్ని మడిచి సొరుగులో పెట్టాడు.

"అయితే రేపటి డ్యూటీ పట్టీలో నా పేరు వెయ్యండి."