దేవకుమారి రాసిన ఉత్తరాలు

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో జ్ఞానమ్మ రాజమండ్రి మిషను ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. ఇరవై ఆరేళ్లొచ్చాయి. తనతో చదివినవాళ్లంతా సంసారాల్లో పడ్డారు. ఆదివారం ఆరాధన కాగానే వాళ్లు పిల్లల్ని చంకనేసుకుని ఒకచోట చేరితే, ఈవిడ గబగబా ఇంటిదారి పట్టేది. వాళ్ల నవ్వులు గుడి దగ్గర చూసేది, తన ఏడుపు ఇంట్లో చూసుకునేది, రెండూ పక్కపక్కన పెట్టి తనకేమీ లేదని తేల్చుకునేది. పిచ్చిది, వాళ్ల ఇళ్లలోకి ఏనాడైనా తొంగిచూసిందా?

అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టినవి దేవకుమారి ఉత్తరాలు. ఆ ప్రాణస్నేహితురాలు ద్రాక్షారామం దగ్గర పల్లెలో బడి నడిపే జీవరాజును చేసుకుని వెళ్లింది. రెండేళ్లుగా నెలనెలా ఉత్తరం. "నా భర్తగారు నన్ను పువ్వులలో పెట్టి చూచుకొనుచున్నారు" అని గుండ్రటి అక్షరాలు. చివర మిషను దొరసానిగారికి వందనాలు, మాకు పెద్ద బడి ఇప్పించమని మనవి. దేవకుమారి చదవడం నేర్చింది గాని, రాత పట్టుబడకముందే పెళ్లయిపోయింది. మొగుడే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు కాబోలని జ్ఞానమ్మ దానికీ కుళ్లుకుంది.

కుళ్లి కుళ్లి, చివరికి పల్లెల్లో వాక్యం బోధించే ఉపదేశి సత్తిరాజు సంబంధానికి సరేనంది. భార్య పోయినవాడు, ఇద్దరు పిల్లలు. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో అందరికీ వినపడేలా ఇద్దరి పేర్లూ చదువుతారు. రెండుసార్లు చదివేశారు.

మూడో ఆదివారం పొద్దున్న, రాజమండ్రిలో పుట్టింటికి కాన్పుకొచ్చిన దేవకుమారి బిడ్డకు బాప్తిస్మం. కుళ్లుతో జ్ఞానమ్మ అంతవరకూ చూడ్డానికి వెళ్లనేలేదు. ఆరాధనకు ముందే పాదిరిగారు వివరాలు రాసుకుని పుస్తకం సంతకానికి దేవకుమారి వైపు తిప్పారు. ఆమె కలం తీసుకుని, పేరుకు బదులు రెండు గీతలు ఒకదానికొకటి అడ్డంగా గీసి ఇచ్చేసింది.

పక్కనే ఉన్న జ్ఞానమ్మ అది చూసింది. స్నేహితురాలి చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"సంతకం చెయ్యలేదేంటే?"

"నాకు రాతెప్పుడొచ్చిందే?"

"మరి నాకు రాసిన ఉత్తరాలు?"

"ఏ ఉత్తరాలు? నీ పేరెత్తితే చాలు, ఆయన మూడేసి రోజులు నాతో మాటాడరు. నువ్వే నన్ను మర్చిపోయావనుకున్నాను."

జ్ఞానమ్మకు అప్పుడర్థమైంది, ఆ ఉత్తరాలన్నీ రాసింది జీవరాజేనని. పెళ్లికాని దిగులంతా కక్కేసి తను రాసిన జవాబులు! రెండేళ్లుగా వాటిని చదివింది ఆ మగాడన్నమాట. చదివి, మళ్లీ భార్య పేరుతో ఊరించాడన్నమాట. ఎందుకు? ఓ పెద్ద బడి కోసం! ఛీ!

"ఏం రాశారే వాటిలో?" అని అడిగింది దేవకుమారి.

"నువ్వు సుఖంగా ఉన్నావని. అది చూసే నేనూ పెళ్లికి ఒప్పుకున్నాను."

"నన్ను చూసా?" అంది దేవకుమారి. నమ్మలేనట్టు చూస్తూ బిడ్డను గుండెకు అదుముకుంది.

లోపల గంట కొట్టారు. జ్ఞానమ్మ తిన్నగా పాదిరిగారి దగ్గరికి నడిచింది.

"అయ్యగారూ, ఈవేళ మా పేర్లు చదవకండి. సత్తిరాజుగారితో నేనింకా ఒక్కసారైనా మాట్లాడలేదండి."